మియాపూర్‌లో 2 బీహెచ్‌కే రీసేల్ ఫ్లాట్ – 57 లక్షలు (చీకటి బెడ్రూమ్ సంగతి కూడా రాశాను, చదివి ఫోన్ చేయండి)

ఈస్ట్ ఫేసింగ్, ఐదంతస్తుల్లో మూడోది, లిఫ్ట్ ఉంది. 2011లో కట్టిన బిల్డింగ్, మొత్తం 20 ఫ్లాట్లు. కాగితం మీద 1,080 చదరపు అడుగులు. నేను టేపు పెట్టి కొలిస్తే గోడల లోపల వచ్చింది 810. మిగతాది మెట్లు, కారిడార్, లిఫ్ట్ లెక్క. అన్‌డివైడెడ్ షేర్ 30 గజాలు.

అమ్ముతున్నది రిటైరైన టీచర్ దంపతులు. మొదటి నుంచీ వాళ్లే ఓనర్లు, అద్దెకు ఇవ్వలేదు. కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోతున్నారు. తొందరేం లేదు, కాబట్టి "అర్జెంట్ సేల్, సగం ధర" లాంటి మాటలు నా దగ్గర వినపడవు.

ముందు బాగున్నవి. హాలు బాల్కనీ ఎదురుగా పెద్ద వేపచెట్టు. ఉదయం ఎండ ఆ ఆకుల్లోంచి హాల్లోకి తొమ్మిదిన్నర దాకా పడుతుంది. వంటింటికి ఆనుకుని వాష్ ఏరియా, విడిగా చిన్న పూజగది ఉన్నాయి. మెట్రో స్టేషన్‌కు నేనే నడిచి చూశాను, 18 నిమిషాలు. అమీర్‌పేట, ఎల్బీనగర్ వైపు ఉద్యోగాలకు హాయి. హైటెక్ సిటీ వాళ్లు మాత్రం మెట్రో చూసి తీసుకోకండి. అమీర్‌పేట దాకా పోయి, లైన్ మారి, మళ్లీ ఇటు రావాలి. దానికంటే బండే నయం.

ఇక లోపాలు. రెండో బెడ్రూమ్ కిటికీ తీస్తే నాలుగైదు అడుగుల్లో పక్క బిల్డింగ్ గోడ. పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. సామాన్ల గదిగానో, రాత్రి పడుకోవడానికో సరే, పిల్లల చదువుకు కాదు. కామన్ బాత్రూమ్ సీలింగ్ మీద గోధుమరంగు మరక కనిపిస్తుంది. పై ఫ్లాట్ నుంచి నీళ్లు దిగేవి. పైవాళ్లు బాత్రూమ్ ఫ్లోరింగ్ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేయించారు, ఈ వర్షాల్లో మళ్లీ దిగలేదు. పెయింట్ వేసి దాచేద్దామని మేస్త్రీ అన్నాడు, నేనే వద్దన్నాను. మీరు వచ్చి చెయ్యి పెట్టి చూసుకోండి.

పార్కింగ్ ఒకటి ఉంది, కానీ పిల్లర్ పక్కన. స్విఫ్ట్ సైజు కారు సులువుగా పడుతుంది. నా స్నేహితుడి పెద్ద బండి పెట్టి చూస్తే డ్రైవర్ వైపు తలుపు సగమే తెరుచుకుంది. ఆయన పొట్ట లోపలికి లాక్కుని దిగాడు.

మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, బోరూ ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు తప్పవు. మెయింటెనెన్స్ 2,000. పోయిన వేసవిలో ట్యాంకర్లకు ఫ్లాట్‌కు నెలకు ఇంకో 700 పడింది. జనరేటర్ లిఫ్ట్‌కు, మోటారుకు మాత్రమే, ఇంట్లో ఇన్వర్టర్ మీరు పెట్టుకోవాలి. వెనక వీధిలో ఫంక్షన్ హాల్ ఉంది. మాఘం, శ్రావణం ముహూర్తాలప్పుడు రాత్రి పదకొండు దాకా బ్యాండ్ వినాలి.

కాగితాలు: సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, అప్రూవ్డ్ ప్లాన్ కాపీ, ఈసీ ఉన్నాయి. హోమ్ లోన్ తీరిపోయింది, ఒరిజినల్స్ ఓనర్ గారి చేతిలోనే ఉన్నాయి. ఈ ఫ్లాట్ ఉన్న అంతస్తుకు ప్లాన్‌లో అనుమతి ఉంది. టెర్రస్ మీది పెంట్‌హౌస్‌కు లేదు. దానికి 2015లో బీఆర్‌ఎస్ కింద దరఖాస్తు పెట్టారు (పార్టీ కాదండీ, బిల్డింగ్ రెగ్యులరైజేషన్), ఇంకా తేలలేదు. ఇదే బిల్డింగ్‌లో రెండో అంతస్తు ఫ్లాట్‌కు పోయినేడు బ్యాంకు లోన్ వచ్చింది. అయినా మీ బ్యాంకు వకీలు చూసి సరే అనేదాకా ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వకండి, నేనూ తీసుకోను.

57 అడుగుతున్నారు. కొద్దిగా బేరం ఉంది, ఫోన్‌లో కాదు, ఇల్లు చూశాక ఓనర్ గారి ఎదుటే. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం మీది, నా కమీషన్ ఒక శాతం. ఫ్లాట్ చూపించడానికి డబ్బులు తీసుకోను.

నా పేజీ పైన ఉన్న నంబర్‌కు వాట్సాప్ చేయండి. ఉండటానికా అద్దెకివ్వడానికా, లోనా క్యాషా, కారు ఏది, ఈ మూడూ రాస్తే చాలు. "లాస్ట్ ప్రైస్?" అని ఒక్క ముక్క పంపితే ఈ పోస్టే తిరిగి పంపిస్తాను. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, రెండుసార్లు వచ్చి చూడండి. తాళం నా దగ్గర లేదు, వాళ్లు ఇంట్లోనే ఉంటున్నారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పెద్దాయన నిద్రపోతారు, ఆ టైం వదిలేసి ఎప్పుడైనా సరే.