చీనీ తోట అన్నకు పంపాల్సిన జవాబు

తమ్ముడూ, డ్రిప్ ఫిల్టర్ కోసం మన షాపుకు యూపీఐలో డబ్బులు కట్టిన కళ్యాణదుర్గం అన్నకు నువ్వు రాసిపెట్టింది చూసినా. ఇదే కదా:

"గౌరవనీయ వినియోగదారునికి, మీ ఫిర్యాదు స్వీకరించబడినది. సదరు లావాదేవీ సాంకేతిక కారణముల వలన విఫలమైనందున, చెల్లించిన మొత్తము 5 నుండి 7 పనిదినములలో మా ద్వారా మీ ఖాతాకు జమ చేయబడును. లావాదేవీ వివరములు సమర్పించగలరు. కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

ఆయన రాత్రి తొమ్మిదిన్నరకు ఏమడిగినాడు? "డబ్బులు కట్ అయినాయి, ఆర్డర్ కనపడలేదు, చీనీ చెట్లకు నీళ్లెట్లా?" అని. స్క్రీన్‌షాట్ కూడా పెట్టినాడు. వివరాలు మళ్లీ అడిగితే ఆయన పంపింది మనం చూడలేదనే అనుకుంటాడు. ఇది పంపు:

"అన్నా, నమస్కారం. రాత్రి మెసేజ్‌కు పొద్దున జవాబిస్తున్నాం, ఏమనుకోవద్దు.

మీ స్క్రీన్‌షాట్‌లో ఉన్న నంబరు, చివర 4417, మా అకౌంటులో వెతికినాం. మీ 4,850 రూపాయలు మాకు చేరలేదు, మధ్యలో ఆగినాయి. వాటిని మీ బ్యాంకే మీ ఖాతాలోకి వెనక్కి వేయాలి. మీరు కట్టింది జూన్ 11 మంగళవారం. జూన్ 16 ఆదివారంలోగా పడాలి. ఆ తేదీ దాటితే, ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు బ్యాంకు మీకు అదనంగా ఇవ్వాలి, మీరు అడక్కపోయినా సరే. 17న కూడా పడకపోతే మాకు ఒక మాట చెప్పండి, బ్యాంకుకు ఇవ్వాల్సిన కాగితం మేమే రాసిస్తాం.

ఇప్పుడే మళ్లీ కట్టొద్దు. మీ డ్రిప్ ఫిల్టర్ పక్కన పెట్టినాం, ఈ సాయంత్రం కళ్యాణదుర్గం బస్సులో వేస్తాం. డబ్బులు వెనక్కి పడినాక కట్టండి."

ఫిల్టర్ ముందే పంపే సంగతి ఓనరును అడిగినా, సరే అన్నాడు. ఆయన ఒప్పుకోకపోయుంటే ఆ మాట రాసేవాడినే కాదు.

నీ దాంట్లో భాష కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది రెండు తప్పులు. డబ్బు మన దగ్గర లేనప్పుడు "మా ద్వారా జమ" అని ఎట్లా అంటాం? ఆయన రేపు వచ్చి మననే నిలదీస్తాడు, అది న్యాయమే. రెండోది పనిదినాలు. యూపీఐలో షాపుకు కట్టింది ఇట్లా ఆగిపోతే, కట్టిన రోజును వదిలి 5 రోజుల్లోపల వెనక్కి పోవాలని రిజర్వ్ బ్యాంకు 2019లో చెప్పింది. అవి క్యాలెండరు రోజులు, ఆదివారమూ లెక్కలోకే వస్తుంది. అందుకే 'ఇన్ని రోజులు' అనకుండా తేదీ, వారం రెండూ రాసినా. తోట దగ్గర ఉండే మనిషి వేళ్లు మడిచి లెక్కపెట్టుకునే పని ఉండదు.

మొదట "మీ డబ్బు ఎక్కడికీ పోదు" అని కూడా రాసి కొట్టేసినా. చదవడానికి బాగుంది గానీ, ఆ హామీ ఇవ్వాల్సింది బ్యాంకు, మనం కాదు.

పంపే ముందు గోడౌన్‌కు ఫోన్ చేసి ఫిల్టర్ ప్యాక్ అయిందో లేదో అడుగు. కాకపోతే "ఈ సాయంత్రం" తీసేసి "రేపు పొద్దున" అని మార్చు.