అఫా!

చిక్కడపల్లిలో మా మేడ మీద, మూడు ఇటుకల పొయ్యి పెట్టి నానమ్మ సకినాలు కాలుస్తోంది. గ్యాస్ మీద చేస్తే ఆమెకు సకినం సకినంలా ఉండదు.

పక్క మేడ మీద "అఫా!" అని అరుపు. తెగిన పతంగి కోసం రిత్విక్ మూడంతస్తులు దిగి, సందు చివరిదాకా ఉరికి, మళ్లీ పైకొచ్చాడు. పతంగి దొరకలేదు. పొట్ట మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

"నానమ్మా... దమ్ము... ఎందుకొస్తది?"

"ముందు లెక్కపెట్టు. పొట్ట మీద చెయ్యి పెట్టు, నేను గడియారం చూస్త."

అర నిమిషంలో ఇరవై రెండు ఊపిర్లు. నానమ్మవి ఎనిమిది. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో సైన్సు చెప్పిన మనిషి, ఊరికే జవాబివ్వదు.

ఊదుగొట్టం చేతికిచ్చింది. "పొయ్యి మందగించింది, ఊదు."

ఊదాడు. మంట లేచింది.

"పొద్దున తిన్న ఇడ్లీ నీ కాళ్లకు కట్టె అనుకో. ఉరికితే పిక్కలు, తొడలు ఆ కట్టెను జల్ది జల్ది కాలుస్తయ్. మంట పెరిగితే గాలీ ఎక్కువ కావాలె. ప్రాణవాయువు ఊపిరితిత్తుల నుంచి నెత్తురెక్కి కాళ్ల దాకా పోవాలె. అందుకే గుండె గూడ దడదడ."

"అంటే లోపల గాలి అయిపోయి దమ్మొస్తదా?"

"అందరూ గట్లనే అనుకుంటరు. అసలు తొందరపెట్టేది ఎక్కువగా పొగ. కాలితే పొగ రాదా? ఒంట్ల గూడ బొగ్గుపులుసు వాయువు తయారైతది. మీ పుస్తకంల కార్బన్ డయాక్సైడ్ అని ఉంటది. అది నెత్తుట్ల పెరగంగనే, మెదడు అడుగున, మెడకు కొంచెం పైన ఒక కాపలా ఉంటది, దానికి తెలుస్తది. 'ఊదు, బయటికి ఊదు' అంటది. నువ్వు చెప్పకున్నా పొట్ట ఎగురుడు మొదలు."

నిజమైన పొగ లేదు గానీ, ఆ పోలిక నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

"మరి ఉరుకుడు ఆపిన గదా! దమ్మెందుకు ఆగలే?"

నానమ్మ పొయ్యిలోంచి ఒక కట్టె బయటికి లాగింది. మంట తగ్గినా నిప్పులు కణకణ మంటున్నాయి. "ఆపినవ్, గని కాళ్లల్ల పని మిగిలే ఉంది. పేరుకున్న వాయువు పోవాలె, ఖర్చైన శక్తి మళ్ల చేరాలె. కొంచెంసేపు పడతది."

వాము చాలలేదని కిందికెళ్లి వచ్చింది. రాగానే వాడు గడియారం పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"పదిహేడు! నువ్వు ఉరకనే లేదు గదా నానమ్మా?"

"మూడంతస్తులు... నన్ను... ఎవరు మోసిన్రురా," అంటూ ఇటుక మీద కూలబడింది, "నా కాళ్లే గదా!"