భాగ పరిష్కార దస్తావేజు

2025వ సంవత్సరం ఫిబ్రవరి నెల 12వ తేదీన, గుంటూరు జిల్లా తెనాలి మండలం కొలకలూరు గ్రామ కాపురస్తులు కీ.శే. యలమర్తి వెంకట సుబ్బయ్య గారి కుమారులు యలమర్తి రామారావు, 58 సం. (1వ భాగస్తుడు), యలమర్తి శ్రీనివాసరావు, 52 సం. (2వ భాగస్తుడు), కుమార్తెలు విజయవాడ కాపురస్తురాలు వేమూరి సుజాత, 55 సం. (3వ భాగస్తురాలు), హైదరాబాదు కాపురస్తురాలు మాదల పద్మావతి, 49 సం. (4వ భాగస్తురాలు) అను మనము నలుగురము సమ్మతించి వ్రాసుకొన్న భాగ పరిష్కార దస్తావేజు.

దిగువ ఆస్తి మన తండ్రిగారి స్వార్జితం. 1978లో తెనాలి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరైన 1462 నెంబరు క్రయ దస్తావేజు ద్వారా కొన్నారు. ఆయన 14-6-2016న, తల్లిగారు 3-9-2021న వీలునామా వ్రాయకుండా కాలం చేశారు. మనము తప్ప వేరే వారసులు లేరు. కనుక తలా నాలుగింట ఒక వంతు హక్కుదారులము. ఆడపిల్లల పెళ్ళిళ్ళకు ఇచ్చిన కట్నకానుకలు, పసుపు కుంకుమలు ఎవరి వంతులోనూ తగ్గించలేదు, ఇకముందు తగ్గించరాదు.

ఆస్తి: స.నెం. 214/2లో మాగాణి య. 3-72 సెంట్లు, గ్రామంలో 480 చ.గజముల స్థలం, అందులో పెంకుటిల్లు. మాగాణి ఎకరం 30 లక్షలు, స్థలం గజం 9,000, ఇల్లు 4,80,000 చొప్పున కట్టగా మొత్తం రూ. 1,59,60,000. ఒక్కొక్కరి వంతు రూ. 39,90,000.

మాగాణికి తూర్పు పంచాయతీ రోడ్డు, పడమర పంట బోదె, ఉత్తరం స.నెం. 213 గట్టు, దక్షిణం మురుగు కోడు. ఉత్తరపు గట్టు వెంబడి తూర్పు పడమరలుగా 12 అడుగుల వెడల్పు, 435.6 అడుగుల పొడవు గల 12 సెంట్లు నలుగురికీ ఉమ్మడి దారి. మిగిలిన య. 3-60 సెంట్లు తూర్పు నుండి వరుసగా నాలుగు బారులు. ప్రతిదీ ఉత్తర దక్షిణాలుగా 360 అడుగులు. నాలుగూ దారికి ఆనుకొని ఉండునట్లే కోయబడినవి.

ఏ షెడ్యూలు (1వ భాగస్తుడు): రోడ్డును ఆనుకొన్న 42 సెంట్లు, వెడల్పు 50.82 అడుగులు, ఇంటి స్థలంలో ఉత్తరపు 240 గజములు, ఇల్లుతో సహా.
బి షెడ్యూలు (2వ భాగస్తుడు): ఏ షెడ్యూలుకు పడమర 58 సెంట్లు, వెడల్పు 70.18 అడుగులు, స్థలంలో దక్షిణపు 240 గజముల ఖాళీ దొడ్డి.
సి షెడ్యూలు (3వ భాగస్తురాలు): తరువాతి య. 1-30, వెడల్పు 157.3 అడుగులు.
డి షెడ్యూలు (4వ భాగస్తురాలు): బోదెను ఆనుకొన్న య. 1-30, వెడల్పు 157.3 అడుగులు.
కొలతకు, రాసిన విస్తీర్ణానికి తేడా వస్తే పాతిన హద్దురాళ్ళే ప్రమాణం. జత చేసిన ప్లాను ఈ దస్తావేజులో భాగం.

రోడ్డు ముఖం లాభం పై విలువల్లో చేరలేదు. అందుకై 1వ భాగస్తుడు, రోడ్డుకు అందరికన్నా దూరమైన 4వ భాగస్తురాలికి రూ. 1,50,000 ఈ రోజు ఆమె బ్యాంకు ఖాతాకు జమ చేసినాడు.

స్వాధీనం: ఏ, బి షెడ్యూళ్ళు నేడే వారి వారి స్వాధీనంలోనికి వచ్చినవి. సి, డి పొలాల్లో 2వ భాగస్తుడు వేసిన మినుము కోతకు రాలేదు. పంట అతనిదే, కోసుకొని 31-3-2025లోగా పొలం ఖాళీ చేసి అప్పగించవలెను. ఆ తేదీ దాటితే కౌలుదారుహక్కు ఏదీ పుట్టదు. అతని పేరనున్న 1,20,000 పంట రుణం అతనే తీర్చవలెను.

దారి: ట్రాక్టరు, బండి, కోతయంత్రం పోవుటకు ఎల్లవేళలా తెరచి ఉంచవలెను. దున్నుట, గట్టు జరుపుట, కుప్ప వేయుట, గేటు పెట్టుట కూడదు. దారిలో ఎవరి వంతునూ పొలం నుండి విడదీసి అమ్మరాదు. పొలం కొన్నవారికి అది వెంట పోవును.

నీరు: బోదె నీరు డి పొలం దక్షిణపు అంచున 2 అడుగుల కాలువగా సి, బి మీదుగా ఏ వరకు పారవలెను. కాలువ నేల ఎవరి పొలంలోది వారిదే, పారుదల హక్కు మాత్రం దిగువ వారిది. పైవారు పూడ్చరాదు. బి పొలంలోని బోరు, 5 హెచ్‌పి మోటారు ఉమ్మడి. 9 రోజుల వంతులో 1వ వారికి ఒక రోజు, 2వ వారికి రెండు రోజులు, 3వ, 4వ వారికి మూడేసి రోజులు. మరమ్మతు ఖర్చు కూడా ఇదే లెక్కన.

ఇంటి స్థలం: 30 అడుగుల చొప్పున విడిన రెండు భాగాల నడుమ ఇరువురూ రెండేసి అడుగులు వదలి 4 అడుగుల నడక దారి ఉంచవలెను. మెట్లు, చూరు, సజ్జ దానిలోకి రాకూడదు. మురుగు పైపు నేల కింద వేసికొనవచ్చును.

ఎవరి భాగము వారు దాన విక్రయాది సర్వ హక్కులతో అనుభవించుకొనవలెను. సబ్ డివిజన్ ఖర్చు సమానం. 1బి, అడంగల్, పాసు పుస్తకాలలో పేర్ల మార్పుకు అందరూ సంతకాలు చేయవలెను. అసలు క్రయ దస్తావేజు 1వ భాగస్తుని వద్ద ఉండును; ఎవరు అడిగినా చూపవలెను. వదలిన ఆస్తి ఏదైనా తరువాత తేలితే నాలుగు సమ భాగాలు. స్టాంపు కొరకు ఏ షెడ్యూలును మూల భాగంగా ఎంచి, మిగిలిన మూడు భాగాల విలువ రూ. 1,19,70,000పై సుంకం చెల్లించినాము.

చదివి వినిపించగా సరియని ఒప్పుకొని చేసిన సంతకములు:
1. యలమర్తి రామారావు
2. యలమర్తి శ్రీనివాసరావు
3. వేమూరి సుజాత
4. మాదల పద్మావతి
సాక్షులు: కొత్త నాగేశ్వరరావు, పోలవరపు సాంబయ్య