గజేంద్రమోక్షం: రెండుంపావు గంటల ప్రవచనం, ఐదు ముక్కల్లో

పిన్నీ,

మోకాలు ఆపరేషన్ వల్ల నువ్వు రాలేకపోయిన ఆదివారం ప్రవచనం ఇదిగో. శనివారం మీ సత్సంగంలో చదువుతానన్నావుగా, అందుకని చదవడానికి వీలుగా రాశాను. సాయంత్రం ఆరున్నరకి మొదలై దాదాపు తొమ్మిదింటిదాకా సాగింది. సరస్సు వర్ణనకే ఇరవై నిమిషాలు పట్టింది. తామరలు, హంసలు, తుమ్మెదలు అన్నీ వదిలేశాను. చెప్పులు పోయినవాళ్ళ గురించి మైకులో వచ్చిన ప్రకటన కూడా వదిలేశాను. పద్యాలు మాత్రం నీకు కంఠస్థమే కాబట్టి మొదటి మాటలే ఇచ్చాను. అక్కడ ఆగి నువ్వే పాడు.

మొదటిది. ఏనుగు తప్పు చేసి చిక్కుకోలేదు. దాహం వేసి, తన గుంపుతో మడుగులోకి దిగి ఆడుకుంటూ ఉండగా కాలు మొసలి నోట పడింది. శాస్త్రిగారు ఇక్కడ వేమన పద్యం ఎత్తుకున్నారు: నీళ్ళలో మొసలి ఏనుగును పట్టుకుంటుంది, అదే మొసలి గట్టు మీదికొస్తే కుక్క చేతిలో భంగపడుతుంది. అది స్థానబలిమి గాని తన బలిమి కాదు. కష్టం వచ్చినవాణ్ణి చూసి "ఏం పాపం చేశాడో" అనుకునే ముందు వాడు ఎవరి నీళ్ళలో దిగాడో చూడమన్నారు.

రెండోది. వెయ్యేళ్ళు పోరాడింది. మొసలిది నీళ్ళలోని బలం కాబట్టి రోజురోజుకీ పెరిగింది, ఏనుగుది తరిగింది. "కరి దిగుచు మకరి సరసికి" పద్యం ఆయన చదువుతుంటే అక్షరాలే అటూ ఇటూ లాక్కుంటున్నట్టు వినపడింది. వెనక వరసలో పిల్లలు కూడా దాన్ని పట్టుకుని "కరి, మకరి" అంటూ కూర్చున్నారు. తక్కిన ఏనుగులు విడిపించలేకపోయాయి. వెయ్యేళ్ళూ ఏనుగు తన బలాన్నే నమ్ముకుంది, అందులో తప్పేమీ లేదన్నారు. ప్రయత్నం మానేసి దండం పెట్టడాన్ని భక్తి అనరు, బద్ధకం అంటారు. ఈ మాటకి మగవాళ్ళ వైపు నుంచి చప్పట్లు బాగా వచ్చాయి.

మూడోది. పిన్నీ, నన్ను కదిలించింది ఇదే, కాస్త నెమ్మదిగా చదువు. ఏనుగు మొదట ఏ దేవుడి పేరూ పెట్టి పిలవలేదు. "ఎవ్వనిచే జనించు" అంది. ఈ జగత్తు ఎవరివల్ల పుట్టిందో, ఎవరిలో ఉందో, ఎవరిలో కలిసిపోతుందో వాడు రావాలంది. కాసేపటికి దానికి అనుమానం వచ్చింది. "కలడందురు దీనులయెడ..." దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు. ఉన్నాడు ఉన్నాడనే ఆ ఉన్నవాడు ఉన్నాడో, లేడో! ఆ "లేడో" దగ్గర శాస్త్రిగారు ఆగిపోయి, గ్లాసెడు నీళ్ళు తాగి, "ఈ మాట అన్నది నాస్తికుడు కాదండీ, భక్తుడు" అన్నారు. అనుమానం వచ్చినంత మాత్రాన ప్రార్థన చెడిపోదు. ఇంట్లో జబ్బు మనిషిని పెట్టుకుని రాత్రి మూడింటికి మేలుకుని ఉన్న ప్రతివాడికీ ఆ పద్యం తెలుసు, చదువుకోకపోయినా తెలుసు అన్నారు. మా పక్కన కూర్చున్నావిడ కళ్ళు తుడుచుకుంది. మొన్నీమధ్యే ఆవిడ భర్త పోయారు.

ఆ తర్వాతే "లావొక్కింతయు లేదు." బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పుతున్నాయి, మూర్ఛ వస్తోంది. నీవే తప్ప ఇంకెవరినీ ఎరగను. మనం ఈ పద్యాన్ని విడిగా చదువుకుంటాం గాని, "లేడో" తర్వాత చదివితేనే దాని బరువు తెలుస్తుందట. నిజమే, నాకూ నిన్ననే తెలిసింది.

నాలుగోది, ఆయన రాక. బ్రహ్మాదులు విన్నారు గాని, తాము విశ్వమంతా నిండినవాళ్ళు కారు కాబట్టి ఊరకున్నారు. విష్ణువు కదిలాడు. "సిరికిం జెప్పడు..." లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు అందుకోలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు, చెవి మీదికి జారిన జుట్టు సర్దుకోలేదు, చేతిలో ఉన్న అమ్మవారి చీర కొంగు కూడా వదల్లేదు. ఆయుధం లేకుండా వచ్చి ఏం చేస్తాడని శ్రీనాథుడు బావగారిని ఎగతాళి చేశాడనీ, పోతన మాట్లాడకుండా ఒక రాయి బావిలో పడేసి "నీ బిడ్డ పడ్డాడు" అని అరిచాడనీ, శ్రీనాథుడు తాడైనా లేకుండా పరుగెత్తాడనీ జనం చెప్పుకునే కథ ఉందిగా, అది కూడా చెప్పారు. చరిత్ర కాకపోయినా పద్యానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం లేదన్నారు. సమయం చాలకపోతే మిగతావి తగ్గించు గాని, బావి కథ మాత్రం వదలకు.

ఐదోది, అందరూ మర్చిపోయేది. ఆయన అందుకోకపోయినా వెంటే వచ్చిన చక్రం మొసలి తల తెంచింది, కానీ మొసలికీ విముక్తి దొరికింది. అది దేవలుడి శాపంతో మొసలైన హూహూ అనే గంధర్వుడు. ఇక ఏనుగు వెనకటి జన్మలో ఇంద్రద్యుమ్నుడు, ద్రవిడ దేశపు రాజు, గొప్ప విష్ణుభక్తుడు. మౌనంగా పూజలో ఉండగా అగస్త్యుడు వస్తే లేవలేదు, అందుకే శాపం. ఇక్కడ శాస్త్రిగారు నవ్వుతూ, "పూజలో ఉండగా కాలింగ్ బెల్ కొట్టినవాణ్ణి కసరకండమ్మా, ఎవరో తెలీదు" అన్నారు. హాలంతా నవ్వింది. నాకు మాత్రం పోయిన వారం గ్యాస్ సిలిండర్ అబ్బాయిని నేను కసిరిన సంగతి గుర్తొచ్చింది.

ఇక ముగింపు మాట. చివర్న ఆయన మూడు నాలుగు చెప్పారు. ఒకటి ప్రాస కోసం కట్టినట్టుంది, ఒకటి సంస్కృతంలో ఉంది, మీ సత్సంగంలో సగం మందికి అందదు. నేను రాసుకున్నది మెట్లు దిగుతూ ఆయన ఎవరితోనో అన్నది. ఇదే చదివి, ఇంకేమీ కలపకుండా హారతి ఇచ్చెయ్యి:

"వెయ్యేళ్ళు ఆలస్యం చేసింది పిలిచినవాడమ్మా, వచ్చినవాడు కాదు."

కళ్ళజోడు లేకుండా చదవగలిగేలా పెద్ద అక్షరాలతో ఇంకో ప్రతి కూడా రాసి పంపుతున్నాను. ఫిజియోథెరపీ మానకు.

నీ పద్మ