ఎస్కలేటర్ మీద మా అమ్మ పడిపోయిన ఘటన గురించి

అక్టోబరు 21, 2025

స్టేషన్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఈ నెల 18న, శనివారం రాత్రి 7.40 ప్రాంతంలో మీ స్టేషన్‌లో రెండో ప్లాట్‌ఫామ్ నుంచి కాన్‌కోర్స్‌కు దిగే ఎస్కలేటర్ మీద మా అమ్మ పడిపోయింది. ఆమెకు 63 ఏళ్ళు. ఎడమ మణికట్టు ఎముక విరిగింది. కుడి మోకాలి కింద ఆరు కుట్లు పడ్డాయి. మీ సిబ్బంది రిజిస్టర్‌లో "చీర కాళ్ళకు అడ్డుపడి జారిపడ్డారు" అని రాశారు. ఆసుపత్రి తొందరలో నేను చదవకుండానే సంతకం పెట్టేశాను. తమ్ముడు తీసిన ఫోటోలో మర్నాడు ఆ వాక్యం చూశాను. జరిగింది అది కాదు. నేను ఆమె వెనక మెట్టు మీదే ఉన్నాను, అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రోజు ధనత్రయోదశి. రెండు రోజుల్లో దీపావళి. రైలు దిగినవాళ్ళలో సగం మంది చేతుల్లో బట్టల సంచులు, స్వీట్ల డబ్బాలు ఉన్నాయి. ప్లాట్‌ఫామ్ మీద నడవడానికి ఇబ్బంది లేదు, జనం మామూలుగానే కదులుతున్నారు. చిక్కంతా కిందే ఉంది. బయటికి వెళ్ళే గేట్లలో రెండే పనిచేస్తున్నాయి, మిగతావాటి మీద ఎర్ర గుర్తు వెలుగుతోంది. ఫోన్లో టికెట్ తెరిచి, కోడ్ చూపించి దాటేసరికి ఒక్కొక్కరికి నాలుగైదు సెకన్లు పడుతోంది. ఆ క్యూ పెరిగి పెరిగి ఎస్కలేటర్ అడుగుదాకా వచ్చేసింది. ఎస్కలేటర్ మామూలుగా సెకనుకు అర మీటరు నడుస్తుంది, అంటే సెకను తిరక్కుండానే ఇంకో మెట్టు జనం కిందికి చేరతారు. అడుగున నిలబడే చోటు లేకపోయినా అది జనాన్ని తెచ్చి పోస్తూనే ఉంది.

అమ్మ కుడిచేత్తో రెయిలింగ్ పట్టుకునే ఉంది. కింద ఉన్నవాళ్ళు కదలకపోవడం చూసి "ఆగండి, ఆగండి" అని వెనక్కి తిరిగి అరిచింది. అప్పటికే ఆమె ముందు మెట్టులో ఉన్న ఇద్దరు దిగడానికి చోటులేక అక్కడే అడుగులు వేస్తున్నారు. అమ్మ ఒక మెట్టు వెనక్కి ఎక్కబోయింది, నేను వెనక్కి జరగలేకపోయాను, నా వీపు మీద ఇంకో నలుగురి బరువు ఉంది. ఆమె ఎడమచేతి మీద పడింది. మెట్లు లోపలికి పోయే చోట దువ్వెన పళ్ళలాంటి ఇనుప పట్టీ ఉంటుంది కదా, దానికి మోకాలి కింది భాగం ఒరుసుకుపోయింది. చెప్పు అంచు ఆ పళ్ళలో నలిగింది. చీర కుచ్చిళ్ళు చెక్కు చెదరలేదు, నలిగిన చెప్పు మా దగ్గర ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కింది ఒక కాలేజీ అబ్బాయి. మీ సిబ్బంది ఎవరూ ఆ దగ్గర్లో లేరు. ఆ అబ్బాయి అంత చురుగ్గా లేకపోతే వెనకాలవాళ్ళంతా ఆమె మీదే పడేవారు.

తర్వాత ఒక మహిళా గార్డు పరుగున వచ్చారు. ఆమెకు మేం రుణపడి ఉంటాం. జనాన్ని పక్కకు జరిపి, తన చున్నీ మడిచి గాయం మీద అదిమిపెట్టి, "అమ్మా, చెయ్యి కదపకండి" అంటూ నేలమీదే కూర్చుండిపోయారు. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో పెద్ద గాయానికి సరిపడా గాజుగుడ్డ లేదు. వీల్‌ఛైర్ కోసం ఆమె వాకీటాకీలో మూడుసార్లు అడిగారు. ఫోన్లో టైం చూశాను, అది వచ్చేసరికి పదకొండు నిమిషాలయింది. అమ్మ ఇంకా నేలమీద ఉండగానే మరో ఉద్యోగి వచ్చి ఎస్కలేటర్ తిరిగి నడిపించారు. మెట్ల మీద రక్తం తుడవలేదు, ఆ పళ్ళ పట్టీ వంగిందో లేదో వంగి చూడలేదు.

నేను కోరేది ఇది. రిజిస్టర్‌లోని ఆ వాక్యం తీసేసి, కింద చోటు లేకపోవడం వల్ల పడినట్టు రాయండి, నా ఈ ఉత్తరాన్ని దానికి జతచేయండి. రాత్రి 7.25 నుంచి 8.10 వరకు ఎస్కలేటర్, గేట్ల కెమెరాల రికార్డింగ్ చెరిగిపోకముందే విడిగా దాచండి. పళ్ళ దగ్గర ఏదైనా ఇరుక్కుంటే ఎస్కలేటర్ దానంతటదే ఆగేందుకు స్విచ్ ఉంటుంది, ఆ రాత్రి ఎందుకు ఆగలేదో మెకానిక్‌తో తనిఖీ చేయించి రాతపూర్వకంగా తెలపండి. రద్దీ రోజుల్లో ఎస్కలేటర్ అడుగున ఒక మనిషిని నిలబెట్టండి, క్యూ మెట్లదాకా వస్తే ఆపేసే అధికారం ఆ మనిషికే ఇవ్వండి. అలాంటప్పుడు గేట్లు తెరిచి పెట్టేస్తే కొంత డబ్బు పోతుందేమో గానీ, కొద్ది నిమిషాల్లో జనం ఖాళీ అవుతారు.

ఆసుపత్రి కాగితాల నకళ్ళు జతచేస్తున్నాను. నా ఫోన్ నంబరు మీ రిజిస్టర్‌లో ఉంది. ఆ మహిళా గార్డు పేరు అడగలేకపోయాను. ఆమెకు మా అమ్మ కృతజ్ఞతలు చెప్పమంది, దయచేసి అందించండి.

ఇట్లు,
గాయపడిన ప్రయాణికురాలి పెద్దకొడుకు