ఆఫ్ సీజన్ జిమ్ ప్లాన్: మన ఫుట్‌బాల్ టీమ్‌కి ఎనిమిది వారాలు

సీజన్ అయిపోయింది, ప్రీ సీజన్ క్యాంప్‌కి ఇంకా పది వారాల టైముంది. మొదటి రెండు వారాలు జిమ్ జోలికే పోవద్దు. ఈత కొట్టండి, సైకిల్ తొక్కండి, కడుపునిండా తిని హాయిగా నిద్రపోండి. బంతి ముట్టుకోకపోయినా ఏం కొంప మునగదు. ఆ తర్వాత మిగిలే ఎనిమిది వారాలకే ఈ ప్లాన్.

జిమ్ అనగానే మనవాళ్లలో సగం మంది అద్దం ముందు నిలబడి చేతులు, ఛాతీ మొదలుపెడతారు. అది చేయకూడదని కాదు, చివర్లో పది నిమిషాలు మిగిలితే మీ ఇష్టం. మ్యాచ్‌లో మాత్రం మనకి కావాల్సింది మొదటి ఐదు మీటర్లలో ఎదుటివాడిని దాటే ఊపు, కార్నర్‌కి అందరికంటే పైకి లేవడం, డెబ్బయ్యో నిమిషంలో తొడ పట్టుకుని కూర్చోకుండా ఉండటం. ఇవన్నీ నడుము కింద జరిగే పనులు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, మ్యాచ్‌లున్నప్పుడు కాళ్లు పట్టేసే పని మీతో చేయించలేను. శనివారం ఆట ఉందని తెలిసి గురువారం బరువులెత్తించే కోచ్ ఎవరూ ఉండరు. ఇప్పుడైతే రెండు రోజులు మెట్లు దిగలేక ఇబ్బంది పడినా అడిగేవాడు లేడు. అందుకే బాగా నొప్పులు తెప్పించేవన్నీ మొదటి వారాల్లోనే పెట్టాను. సీజన్‌లో వాటినే వారానికోసారి తక్కువగా చేస్తే చాలు, ఒళ్లు అప్పటికే అలవాటు పడి ఉంటుంది.

వారానికి మూడు రోజులు జిమ్: సోమ, బుధ, శుక్ర. సోమ, శుక్రవారాల్లో ముందు గ్రౌండ్‌లో స్ప్రింట్లు, ఆ తర్వాతే బరువులు. ఈ వరుస మార్చొద్దు. అలసిపోయిన తొడలతో ఫుల్ స్పీడ్‌లో పరుగెత్తితే తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరం చిరిగే ప్రమాదం ఎక్కువ. ఆ కండరం కోసమే చేసే నార్డిక్ వ్యాయామం మర్నాడు స్ప్రింట్ పెట్టనిది కూడా అందుకే, అదేంటో కింద చెప్తాను. మంగళ, గురు, శనివారాల్లో తేలికగా పరుగో, బంతితో ఆటో, ఏదో ఒకటి. ఆదివారం ఏమీ వద్దు.

స్ప్రింట్లు కూడా ఒక్కసారిగా వద్దు. మొదటి వారం 20 మీటర్లు ఆరు సార్లు, ముప్పావు వంతు స్పీడ్‌తో. మూడో వారం నుంచి ఫుల్ స్పీడ్, నెమ్మదిగా 30, 40 మీటర్ల దాకా. ఒక్కో పరుగు తర్వాత పూర్తిగా ఊపిరి అందేదాకా ఆగండి, రెండు నిమిషాలు పట్టినా పర్లేదు. ఇది స్పీడ్ కోసం చేసేది, స్టామినా కోసం కాదు.

సోమవారం బలం రోజు. స్క్వాట్, ట్రాప్ బార్ డెడ్‌లిఫ్ట్, హిప్ థ్రస్ట్, నార్డిక్, పిక్కలు. మధ్యలో నిలబడి ఎత్తే చట్రం లాంటి బారే ట్రాప్ బార్. బరువు ఒంటికి ముందు కాకుండా పక్కల ఉంటుంది కాబట్టి నడుము మీద భారం తగ్గుతుంది, కొత్తవాళ్లు త్వరగా నేర్చుకుంటారు. అది దొరకకపోతే మామూలు బార్‌తో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ చేయండి: మోకాళ్లు కొంచెం మాత్రమే వంచి, తుంటిని వెనక్కి నెడుతూ, బార్ తొడలకి రాసుకుంటూ మోకాలి కిందికి దిగాలి, వీపు మాత్రం గుండ్రంగా వంగకూడదు.

బరువు ఎంతని అందరూ అడుగుతారు. నేను కిలోలు చెప్పను. సెట్ అయిపోయేసరికి ఇంకా ఎన్ని రెప్స్ మిగిలాయో దాన్నిబట్టి చూసుకోండి. మొదటి రెండు వారాలు మూడు సెట్లు, ఎనిమిదేసి రెప్స్, ఇంకో మూడు చేయగలను అనిపించే బరువు. మూడో వారం నాలుగు సెట్లు, ఆరేసి. నాలుగో వారం తేలిక వారం, సెట్లు సగానికి తగ్గించండి, సరదా పడి పెంచొద్దు. ఐదు, ఆరు వారాల్లో నాలుగు సెట్లు, నాలుగేసి రెప్స్, ఇక్కడ బరువు నిజంగా బరువుగా ఉండాలి, అయినా ఒకటో రెండో మిగలాలి. ఏడు, ఎనిమిది వారాల్లో మూడు సెట్లు, మూడేసి, బరువు కొంచెం తగ్గించి వీలైనంత వేగంగా పైకి లేపాలి. సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి. ఫోన్ చూస్తూ పది నిమిషాలు కూర్చోవడాన్ని రెస్ట్ అనరు.

చివర్లో బరువు తగ్గించి వేగం పెంచడానికి కారణముంది. పవర్ అంటే బలం, వేగం రెండూ కలిసినది. ఫుల్ స్పీడ్‌లో పరుగెత్తేటప్పుడు పాదం నేల మీద ఉండేది దాదాపు సెకనులో పదో వంతు. కండరం తన పూర్తి బలం చూపించాలంటే అంతకు మూడింతలు, ఇంకా ఎక్కువే టైం కావాలి. అంటే ఎంత బరువు ఎత్తగలవన్నది ఒక్కటే చాలదు, ఆ బలాన్ని ఎంత త్వరగా బయటికి తీస్తావన్నది కూడా చూడాలి. అలాగని బలం లేకుండా వట్టి జంపులతో పెద్దగా ముందుకు పోలేం. అందుకే ముందు బరువు, తర్వాత వేగం.

బుధవారం జంపులు, ఆ తర్వాత పైభాగం. పైభాగం గురించి ఎక్కువ చెప్పను: పుల్ అప్స్, డంబెల్ ప్రెస్, రోయింగ్, మూడేసి సెట్లు. భుజానికి భుజం ఢీకొన్నప్పుడు నిలబడటానికి అది చాలు. జంపుల దగ్గర మాత్రం ఆగి చదవండి.

ముందు దిగడం నేర్చుకోవాలి, ఎగరడం తర్వాత. మొదటి రెండు వారాలు పిడికెడు ఎత్తు కూడా పెంచొద్దు. ఉన్నచోటే ఎగిరి, దిగి, రెండు సెకన్లు బొమ్మలా ఆగిపోవాలి. మోకాలు లోపలికి వాలుతోందా? పాదం, మోకాలు, తుంటి ఒకే వరుసలో ఉన్నాయా? చప్పుడు పెద్దగా వచ్చిందా? ముందు నుంచి ఫోన్‌లో వీడియో తీయమనండి, మీకు తెలియని తప్పు స్క్రీన్ మీద కనిపిస్తుంది. మోకాలి లోపలి లిగమెంట్ ఏసీఎల్ చాలాసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది, ఇలా దిగేటప్పుడో, హఠాత్తుగా దిశ మార్చేటప్పుడో, మోకాలు లోపలికి పడిపోయినప్పుడు. అమ్మాయిల ఆటలో ఈ ప్రమాదం అబ్బాయిల కంటే ఎక్కువ కాబట్టి మన విమెన్స్ టీమ్ వాళ్లు ఈ రెండు వారాలు అస్సలు ఎగ్గొట్టొద్దు.

మూడో వారం నుంచి బాక్స్ జంప్, బ్రాడ్ జంప్, పక్కకి ఒంటికాలి గెంతు. బాక్స్ విషయంలో ఒకటి చెప్పాలి. ఛాతీ ఎత్తు బాక్స్ మీదికి ఎగిరి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని దిగి వీడియో పెట్టేవాళ్లున్నారు. అక్కడ ఎగిరింది కొంచెమే, మిగతాదంతా కాళ్లు ముడవడం. బాక్స్ మీద దిగినప్పుడు కూడా సగం స్క్వాట్ దాకానే వంగేంత ఎత్తు తీసుకోండి. కిందికి ఎగిరి దూకొద్దు, నడిచి దిగండి.

ఐదో వారం నుంచి డ్రాప్ జంప్: 30 సెంటీమీటర్ల బాక్స్ మీంచి అడుగు వేసి దిగి, నేల తగలగానే నిప్పు మీద కాలేసినట్టు వెంటనే పైకి. నేల మీద ఎక్కువసేపు ఉండి, బాగా వంగి ఎగురుతున్నారంటే ఆ రోజుకి బాక్స్ ఎత్తు తగ్గించండి. సెంటర్ బ్యాక్‌లు, స్ట్రైకర్లు దీనితో పాటు మూడు అడుగులు పరుగెత్తి ఒంటికాలితో ఎగిరే హెడర్ జంప్ చేయండి. మ్యాచ్‌లో రెండు కాళ్లూ కూడగట్టుకుని ఎగిరే అవకాశం మీకు ఎప్పుడో గానీ రాదు. కీపర్లు పక్కకి ఎగిరేవి ఎక్కువ చేయండి. మొత్తం లెక్క చూసుకుంటే రోజుకి అరవై సార్లు ఎగిరి దిగడంతో మొదలుపెట్టి వందకి మించొద్దు, ఎత్తు తగ్గడం మొదలైతే అంతకు ముందే ఆపేయండి.

శుక్రవారం ఒంటికాలి రోజు. బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్, ఒంటికాలి రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, పక్కకి లంజ్, మళ్లీ నార్డిక్, కోపెన్‌హేగెన్, మళ్లీ పిక్కలు. రెండు కాళ్ల మధ్య తేడా ఇక్కడే బయటపడుతుంది. బలహీనమైన కాలితో మొదలుపెట్టి, రెండో కాలితో కూడా అన్నే రెప్స్ చేయండి, ఎక్కువ వద్దు.

ఇక నార్డిక్. ఎవరికీ నచ్చదు, చేసేవాళ్లూ తక్కువ. మెత్తటి దాని మీద మోకాళ్లు ఆనించి, వెనక ఒకరు మీ చీలమండలు గట్టిగా నొక్కి పట్టుకుంటే, మోకాలి నుంచి తల దాకా ఒకే గీతలా ఉంచి నెమ్మదిగా ముందుకి వాలాలి. తుంటి దగ్గర వంగితే అది నార్డిక్ కాదు. తొడ వెనక భాగం ఇక ఆపలేనన్నప్పుడు చేతులు నేలకి ఆనించి, వాటితోనే నెట్టుకుని పైకి రండి. మొదట్లో సగంలోనే పడిపోతారు, అందరూ పడతారు. మొదటి వారం ఒక్క సోమవారమే, రెండు సెట్లు, నాలుగేసి. రెండో వారం నుంచి శుక్రవారం కూడా, నాలుగో వారానికి మూడు సెట్లు, ఆరేసి, చివరికి ఎనిమిదేసి. నాలుగో వారం తేలిక వారమే అయినా దీన్ని తగ్గించొద్దు.

దీని మీద ఇంత పట్టుదల ఎందుకంటే, డెన్మార్క్‌లో 50 టీమ్‌ల నుంచి 942 మంది ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. నార్డిక్ చేసిన టీమ్‌లలో 15 హ్యామ్‌స్ట్రింగ్ గాయాలైతే, చేయని టీమ్‌లలో 52. ఒక్క వ్యాయామానికి ఇంత తేడా ఇంకెక్కడా అంత తేలిగ్గా దొరకదు.

కోపెన్‌హేగెన్ గజ్జల కోసం. పక్కకి పడుకుని, పైకాలు బెంచి మీద పెట్టి, కింది మోచేతి మీద ఒంటిని లేపి, కింది కాలిని పైకాలి దగ్గరికి తేవాలి. మొదట్లో మోకాలు బెంచి మీద ఆనించండి, అలవాటయ్యాక పాదం. ఆరేసి రెప్స్‌తో మొదలు. నార్వేలో సెమీ ప్రొఫెషనల్ టీమ్‌ల మీద దీన్ని పరీక్షించి 2019లో ప్రచురించారు, గజ్జల సమస్యలు 41 శాతం తగ్గాయి. తన్నేది, పక్కకి సాగేది, దిశ మార్చేది అంతా ఇక్కడి కండరాలే కదా, ఎందుకో మనవాళ్లు మాత్రం నొప్పి వచ్చాకే వీటిని గుర్తుచేసుకుంటారు.

పిక్కలు రెండు రకాలుగా: మోకాలు నిటారుగా ఉంచి ఒంటికాలితో మడమ లేపడం, కూర్చుని మోకాలు వంచి లేపడం. రెండోది లోపలి సోలియస్ కండరానికి. పరుగులో ఎక్కువ భారం మోసేది అదే. మూడు సెట్లు, పన్నెండేసి, పైన ఒక సెకను ఆగాలి.

నొప్పి విషయంలో ఒక గీత గీసుకుందాం. మర్నాడు రెండు వైపులా కండరం పట్టేసినట్టుంటే మామూలే. ఒక్కచోట పొడిచినట్టున్నా, కీలు వాచినా, నడకలో కుంటినా ఆపేసి ఫిజియోకి చూపించండి. గత సీజన్‌లో హ్యామ్‌స్ట్రింగ్ చిరిగినవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు ఫిజియో సరే అన్నాకే ఈ ప్లాన్‌లోకి రండి. పదహారు నిండనివాళ్లకి జంపులు, ఒంటి బరువు వ్యాయామాలు చాలు, బార్ మాత్రం నేను పక్కన ఉన్నప్పుడే.

ఏ రోజైనా రాలేకపోతే పోయిందాన్ని మర్నాటి దానితో కలిపి రెట్టింపు చేయొద్దు, ఆ రోజు వదిలేసి తర్వాతి రోజు నుంచి కొనసాగించండి. రెండు రోజులే కుదిరే వారమైతే సోమ, శుక్రవారాలు పట్టుకోండి, బుధవారం జంపుల్లోంచి ఒక పది శుక్రవారం స్ప్రింట్ల తర్వాత పెట్టుకోండి.

మొదటి సోమవారం వార్మప్ అవగానే మూడు కొలతలు తీసుకుంటాం: గోడ మీద చాక్‌పీస్ గుర్తుతో ఎంత ఎత్తు ఎగిరారు, ఒక్కో కాలితో మడమ ఎన్నిసార్లు లేపారు, ఒక్కో వైపు కోపెన్‌హేగెన్‌లో ఎన్ని సెకన్లు నిలిచారు. మళ్లీ ఎనిమిదో వారం శుక్రవారం అవే మూడు. టేపు, చాక్‌పీసు నేను తెస్తాను, స్ప్రింట్లకి బూట్లు, జిమ్‌కి అడుగు మెత్తగా లేని షూ మీరు తెచ్చుకోండి.