ఒకటిన్నర జీబీ

సాయంత్రం ఆరింటికే నెట్ అయిపోయింది. సింధు ఫిజిక్స్ క్లాసు మధ్యలో తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

"రోజుకి ఒకటిన్నర జీబీ! అంతా రీల్స్‌కే ఊదేశావు కదరా?"

"ఒట్టు అక్కా, పది నిమిషాలు క్రికెట్ హైలైట్స్, అంతే."

నమ్మలేదు. ఫోన్ లాక్ ప్యాటర్న్ మార్చేసింది. చరణ్ మాట్లాడటం మానేశాడు.

మూడో రోజు వాడు బడిలో ఉండగానే, మధ్యాహ్నానికే 90 శాతం డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది. సింధు సెట్టింగ్స్‌లో డేటా వాడకం తెరిచింది. అన్నిటికన్నా పైన ఫొటోల యాప్, 1.1 జీబీ. పిన్ని పెళ్లి వీడియోలు బ్యాకప్ అవుతున్నాయి. మొబైల్ డేటాతోనైనా సరేనని నొక్కింది తనే.

చరణ్ రాగానే ఫోన్ చేతిలో పెట్టింది. "గొడవపడ్డ రోజు కూడా చూశా. హైలైట్స్‌కి అయింది 140 ఎంబీయేరా. తప్పు నాదే."

"చెబితే విన్నావా?" మూతి ముడుస్తూనే బ్యాకప్‌ని వైఫైకి మాత్రమే మార్చి, డేటా హెచ్చరికని 1 జీబీ దగ్గర పెట్టాడు. "ఆ ముందు రోజు నీ ఫ్రెండ్ మెసేజ్ తెర మీదకొచ్చింది. నేను తెరవలేదు."

"తెలుసు. రాత్రి దాకా నీలం టిక్కులు పడలేదని అదే అలిగింది."

కొత్త ప్యాటర్న్ వాడి ముందే నెమ్మదిగా గీసింది.

"ఎనిమిదిన్నరకి నీ క్లాసయ్యాక అరగంట నాది."

"ఇరవై నిమిషాలు."

"అరగంట!"